జిల్లా స్థాయి సర్వే అంకెలు ఎందుకు ఊగిసలాడతాయి?

ప్రశ్న: మా జిల్లాలో 12 నుంచి 23 నెలల వయసు పిల్లల్లో టీకాలన్నీ పూర్తయినవారు గత సర్వేలో 75 శాతం, ఈసారి 66 శాతం అని వచ్చింది. జిల్లా చిన్నదే, రెండుసార్లూ 880 ఇళ్లు సర్వే చేశారు. ఆ మాత్రం సరిపోదా? తొమ్మిది పాయింట్లు పడిపోయిందంటే నమ్మాలా, వద్దా?

సమాధానం:

ఈ రెండు అంకెలు మాత్రమే చేతిలో ఉంటే, టీకాలు తగ్గాయని చెప్పడానికి ఆధారం చాలదు. తగ్గలేదని చెప్పడానికీ చాలదు. ఈ పరిమాణంలో జరిగిన సర్వేలో 75 శాతం అన్న అంకెకు అటు 12, ఇటు 12 పాయింట్ల దోష పరిధి ఉంటుంది. రెండు విడతల మధ్య తేడాకైతే అది సుమారు 18 పాయింట్లకు చేరుతుంది. మీకు కనిపిస్తున్న తొమ్మిది పాయింట్లు అందులో సగం. సర్వేలకు శాంపిల్ రూపొందించడం, వాటి నుంచి జిల్లా అంచనాలు తయారుచేయడం నా వృత్తి కనుక, ఈ 12, 18 ఎక్కడి నుంచి వచ్చాయో మీ జిల్లా లెక్కతోనే చూపిస్తాను.

మొదట చూడవలసింది ఇళ్ల సంఖ్య కాదు, ఆ శాతానికి హారంగా నిలిచిన పిల్లల సంఖ్య. 880 ఇళ్లలో ఇంటికి సగటున నలుగురు ఉంటారనుకుంటే సుమారు 3,500 మంది అవుతారు. జననాల రేటు వెయ్యికి 18 అనుకుంటే ఒక ఏడాది కాలంలో పుట్టినవారు అందులో 63 మంది. 12 నుంచి 23 నెలల వయసు అంటే సరిగ్గా ఒక ఏడాదిలో పుట్టిన పిల్లలే కదా. కొందరు తల్లులు ఇంట్లో దొరకరు, కొన్ని జవాబులు అసంపూర్తిగా ఉంటాయి. కాబట్టి లెక్క సులువు కోసం 60 అనుకుందాం. నివేదిక ముఖపత్రం మీద 880 ఇళ్లు అని ఉన్నా, మీరు చూస్తున్న శాతం నిలబడినది ఆ 60 మంది పిల్లల మీద. 60లో 75 శాతం అంటే 45 మంది, 66 శాతం అంటే సుమారు 40 మంది. జిల్లా మొత్తానికీ ఆపాదిస్తున్న ఆ పతనం వెనుక శాంపిల్‌లో ఉన్న తేడా ఐదారుగురు పిల్లలది.

ఆ ఐదారుగురు యాదృచ్ఛికంగానే మారి ఉండవచ్చా అన్నది అసలు ప్రశ్న. దానికి ప్రామాణిక దోషం, అంటే శాంపిల్ మారితే అంచనా మామూలుగా ఎంత ఊగుతుందో చెప్పే స్టాండర్డ్ ఎర్రర్, లెక్కించాలి. ఇక్కడ `p` సర్వేలో వచ్చిన శాతం భిన్న రూపంలో, `n` పిల్లల సంఖ్య:

```
SE = √( p(1 − p) / n ) = √( 0.75 × 0.25 / 60 ) ≈ 0.056
```

అంటే 5.6 పాయింట్లు. పిల్లలను జిల్లా అంతటి నుంచి చీటీలు తీసినట్టు ఒక్కొక్కరిగా ఎంచుకుని ఉంటేనే ఈ విలువ వర్తిస్తుంది. నిజానికి ముందు గ్రామాలను, ఆపైన వాటిలో ఇళ్లను ఎంచుకుంటారు, ఒక్కో ఇంటికి లెక్కలో అది ఎన్ని ఇళ్లకు ప్రతినిధో చెప్పే ఒక్కో వెయిట్ ఇస్తారు. వీటివల్ల దోషం కొంత పెరుగుతుంది. ఈ సూచికకు వైవిధ్యం, అంటే ప్రామాణిక దోషపు వర్గం, 1.2 రెట్లు అవుతుందనుకుంటే ప్రామాణిక దోషం 6.1 పాయింట్లు. దానిని 1.96తో గుణిస్తే 12. గత సర్వే చెప్పినది 75 కాదు, ‘సుమారు 63 నుంచి 87 మధ్య ఎక్కడో’ అని చదువుకోవాలి. ఇదే పద్ధతిలో మళ్లీ మళ్లీ శాంపిల్ తీస్తూ పోతే, ఇలా కట్టిన అంతరాలలో నూటికి 95 అసలు విలువను పట్టుకుంటాయన్నది దాని అర్థం.

ఇక రెండు విడతల మధ్య తేడా. అంకెలు రెండూ వేర్వేరు శాంపిళ్ల నుంచి వచ్చాయి కనుక వాటి దోషాలు ఒకదానినొకటి కొట్టివేసుకోవు, కలిసి పెరుగుతాయి. 66 శాతానికి ప్రామాణిక దోషం 6.7 పాయింట్లు. 6.1, 6.7ల వర్గాలను కూడి వర్గమూలం తీస్తే 9.1 వస్తుంది. దానిని 1.96తో గుణిస్తే దాదాపు 18. తొమ్మిది పాయింట్ల తగ్గుదల చుట్టూ ఈ పరిధిని పరిచి చూడండి. అసలు తగ్గుదల 27 పాయింట్లు కావచ్చు, లేదా తగ్గకపోగా 9 పాయింట్లు పెరిగి ఉండవచ్చు. సర్వే ఈ రెండు కథలనూ తోసిపుచ్చలేకపోతోంది. మధ్యలో ఉన్న విలువలు చివర్ల కంటే ఎక్కువ నమ్మదగినవన్నది నిజమే, అందువల్ల ‘ఏమీ జరగలేదు’ అని కొట్టిపారేయడం కూడా తప్పే. ఏదైనా జరిగి ఉంటే దానిని ఇంకెక్కడైనా వెతకాలి.

జిల్లా చిన్నదన్న మాట గురించి ఒక స్పష్టత అవసరం. జనాభా తక్కువ కాబట్టి తక్కువ శాంపిల్ చాలునని చాలామంది అనుకుంటారు. పై సూత్రంలో జిల్లా జనాభా ఎక్కడా లేదు, గమనించారా? రెండు లక్షల జనాభా ఉన్న జిల్లాలో 60 మంది పిల్లలను చూసినా, ఇరవై లక్షలు ఉన్న జిల్లాలో 60 మందిని చూసినా దోష పరిధి దాదాపు ఒకటే. జనాభాలో చెప్పుకోదగిన భాగాన్ని, పదోవంతో అంతకంటే ఎక్కువో, శాంపిల్‌లోకి తీసుకున్నప్పుడు మాత్రమే జనాభా పరిమాణం లెక్కలోకి వస్తుంది. జిల్లా సర్వేలు ఆ దరిదాపులకు కూడా పోవు. చిన్న జిల్లాకు ఇబ్బంది దాని చిన్నతనం వల్ల కాదు, దానికి దక్కే శాంపిల్ చిన్నదవడం వల్ల. రాష్ట్రం మొత్తానికి 12,000 ఇళ్లు కేటాయించి వాటిని జనాభా నిష్పత్తిలో పంచితే, రాష్ట్ర జనాభాలో 2 శాతం ఉన్న జిల్లాకు 240 ఇళ్లు వస్తాయి. పై లెక్క ప్రకారం ఆ ఇళ్లలో ఈ వయసు పిల్లలు 17 మంది. అక్కడ ఒక్క పిల్లవాడు అటు నుంచి ఇటు మారితే జిల్లా శాతం ఆరు పాయింట్లు కదులుతుంది. రాష్ట్రానికి ఎంతో నమ్మకమైన అంకె ఇచ్చిన అదే సర్వే, అదే పత్రంలో, ఆ జిల్లాకు దాదాపు పనికిరాని అంకె ఇస్తుంది. పట్టికలో రెండూ ఒకే అక్షరాల్లో, దశాంశ స్థానంతో సహా అచ్చవుతాయి కనుక చదివేవారికి ఆ భేదం తెలియదు.

ఇళ్లకు సంబంధించిన సూచికలలో, అంటే కుళాయి, మరుగుదొడ్డి, విద్యుత్తు వంటి వాటిలో, హారం పెద్దదే. అక్కడ 880 ఇళ్లూ లెక్కలోకి వస్తాయి. కానీ కష్టం ఇంకో వైపు నుంచి వస్తుంది. 880 ఇళ్లను 40 గ్రామాల నుంచి, గ్రామానికి 22 చొప్పున తీసుకున్నారనుకుందాం. పైపులైను వచ్చిన గ్రామంలో దాదాపు ప్రతి ఇంటికీ కుళాయి ఉంటుంది, రాని గ్రామంలో దాదాపు ఎవరికీ ఉండదు. మొదటి రెండు మూడు ఇళ్లు అడిగేసరికే ఆ గ్రామం సంగతి తెలిసిపోతుంది. మిగిలిన ఇళ్లు కొత్తగా చెప్పేది కొంచెమే. దీనిని కొలిచేదే డిజైన్ ఎఫెక్ట్:

```
deff = 1 + (m − 1) × ρ
```

ఇక్కడ `m` ఒక గ్రామంలో తీసుకున్న ఇళ్ల సంఖ్య, `ρ` ఒకే గ్రామంలోని ఇళ్లు ఒకదానికొకటి ఎంతగా పోలి ఉంటాయో చెప్పే కొలత. 22 ఇళ్లకు `ρ` విలువ 0.2 అయితే డిజైన్ ఎఫెక్ట్ 5.2 అవుతుంది. 880ని దానితో భాగిస్తే 169. అంటే ఆ 880 ఇళ్లూ కుళాయి విషయంలో చీటీలు తీసి ఎంచిన సుమారు 170 ఇళ్లతో సమానమైన సమాచారమే ఇస్తాయి. 60 శాతం ఇళ్లకు కుళాయి ఉందని వస్తే దోష పరిధి 7 పాయింట్లకు పైనే ఉంటుంది. 880ని నేరుగా సూత్రంలో పెట్టినవారికి అది 3 పాయింట్లుగా కనిపించి తప్పుడు ధైర్యం ఇస్తుంది. పిల్లల విషయంలో ఈ బెడద తక్కువ, ఎందుకంటే ఒక్కో గ్రామానికి సగటున ఒకరిద్దరు పిల్లలే వస్తారు కనుక `m` చాలా చిన్నది. అందుకే నేను అక్కడ 1.2తో సరిపెట్టాను. ఒకే సర్వేలో ఒక సూచిక హారం చిన్నదై దెబ్బతింటుంది, ఇంకొకటి ఇళ్లు గుంపులుగా రావడం వల్ల దెబ్బతింటుంది. ఈ రెంటినీ విడివిడిగా చూడాలి.

గ్రామాల ఎంపిక ఎంత నిర్ణయాత్మకమో చెప్పే సందర్భం ఒకటి నా పనిలో ఎదురైంది. ఒక విడత ఫలితాల్లో ఒక చిన్న జిల్లా తాగునీటి సూచికలో అకస్మాత్తుగా అట్టడుగుకు పడిపోయింది, సంజాయిషీ అడుగుతూ ఉత్తరాలు కూడా వెళ్లాయి. నేను గ్రామాల జాబితా తెప్పించి చూశాను. ఈ విడతలో శాంపిల్‌కు వచ్చిన గ్రామాల్లో రోడ్డు లేని కొండ గ్రామాలు కొన్ని ఉన్నాయి, గత విడతలో అలాంటివి దాదాపు లేవు. ఎంపికలో ఏ పొరపాటూ జరగలేదు, చీటీ అలా పడింది. జిల్లాలో మారినది నీటి సరఫరా కాదు, మనం చూసిన గ్రామాలు. మీకు వీలైతే మీ జిల్లాకు కూడా ఇది చేయండి. పట్టణ, గ్రామీణ ఇళ్ల వాటా, తల్లుల చదువు, ఇంటి కప్పు వంటి త్వరగా మారని లక్షణాలను రెండు విడతల మధ్య పోల్చి చూడండి. రెండు మూడేళ్లలో మారే అవకాశం లేనివి బాగా మారినట్టు కనిపిస్తే, శాంపిల్ కూర్పు మారిందని అర్థం.

అన్నిటికంటే ఎక్కువగా తప్పుదోవ పట్టించేది ర్యాంకుల పట్టిక. ఊహాత్మకంగా 30 జిల్లాలు తీసుకుందాం. అన్నింటిలోనూ అసలు టీకాల శాతం సరిగ్గా 75, జిల్లాల మధ్య ఏ భేదమూ లేదు. ప్రతి జిల్లాలో 60 మంది పిల్లలను చూశాం, ప్రామాణిక దోషం 6.1 పాయింట్లు. ఇటువంటి 30 అంచనాలను వరుసలో పెడితే, మొదటిదానికీ చివరిదానికీ మధ్య సగటున ప్రామాణిక దోషానికి నాలుగు రెట్ల దూరం ఉంటుందన్నది గణితం. అంటే పట్టికలో మొదటి జిల్లా 87 దగ్గర, చివరి జిల్లా 63 దగ్గర కనిపిస్తాయి. ఏ భేదమూ లేని చోట 25 పాయింట్ల అగాధం పుట్టింది. మొదటి జిల్లాకు అభినందనలు, చివరి జిల్లాకు మందలింపు దక్కుతాయి. తరువాతి విడతలో కొత్త శాంపిల్ వస్తుంది, చివరి జిల్లా అంకె మళ్లీ 75 వైపు వస్తుంది. మందలింపు పనిచేసిందని అందరూ అనుకుంటారు. మొదటి జిల్లా కిందికి జారితే అక్కడ అలసత్వం పెరిగిందంటారు. ఈ రెండు తీర్పులకూ ఆధారం లేదు. జిల్లాలకు దక్కిన శాంపిళ్లు అసమానంగా ఉంటే అన్యాయం ఇంకా పెరుగుతుంది. దోషం ఎక్కువగా ఉన్న చిన్న శాంపిల్ జిల్లాలే పట్టికకు పైన, కింద ఉండే అవకాశం ఎక్కువ.

జిల్లాల మధ్య నిజమైన భేదం అసలు లేదని నేను అనడం లేదు. అది ఎంతో తెలుసుకునే మార్గం ఉంది. పట్టికలో కనిపించే చెదురుబాటులో నిజమైన భేదం, శాంపిల్ దోషం రెండూ కలిసి ఉంటాయి. జిల్లా శాతాలు వాటి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం 8 పాయింట్లు, సగటు ప్రామాణిక దోషం 6 పాయింట్లు అనుకోండి. వాటి వర్గాలైన 64 నుంచి 36 తీసివేస్తే 28 మిగులుతుంది. అంటే కనిపించే వైవిధ్యంలో నిజమైనది 44 శాతం మాత్రమే. అప్పుడు రాష్ట్ర సగటు 75 ఉండగా ఒక జిల్లాకు 60 వస్తే, ఆ 15 పాయింట్ల లోటులో 44 శాతాన్ని మాత్రమే నిజమని స్వీకరించి, దాని విలువను 68 దగ్గర అంచనా వేయడం మరింత వివేకం. చిన్న ప్రాంతాల అంచనాలకు వాడే పద్ధతుల్లో చాలావాటికి మూలం ఈ ఆలోచనే. అమెరికాలో వెయ్యిలోపు జనాభా ఉన్న ఊళ్ల ఆదాయాలను అంచనా వేయడానికి ఫే, హెరియట్ 1979లో ప్రచురించిన నమూనా నేటికీ వాడుకలో ఉంది. అది జిల్లా సర్వే అంకెనూ, జనగణన, పరిపాలనా రికార్డుల వంటి సహాయక సమాచారంతో కట్టిన అంచనానూ, దేని దోషం ఎంతో చూసి కలుపుతుంది. దానికీ ఒక పరిమితి ఉంది, అది చెప్పకుండా ఫలితాలు ఇవ్వడం నాకు ఇష్టం ఉండదు. నిజంగానే మిగతా జిల్లాల కంటే భిన్నంగా ఉన్న జిల్లాను కూడా అది సగటు వైపు లాగుతుంది. ఏదైనా ఒక్క చోట టీకాల సరఫరా నిజంగా ఆగిపోయి ఉంటే, ఆ లోపాన్ని కొంత కప్పివేస్తుంది.

నివేదిక చదివేటప్పుడు మీకు వెంటనే ఉపయోగపడే గుర్తులు కొన్ని ఉన్నాయి. డీహెచ్ఎస్ అనే అంతర్జాతీయ జనాభా, ఆరోగ్య సర్వేల పద్ధతిలో జరిగే సర్వేలలో, మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎన్ఎఫ్‌హెచ్ఎస్‌తో సహా, హారంలో 25 నుంచి 49 మంది మాత్రమే ఉంటే ఆ అంకెను బ్రాకెట్లలో ఇస్తారు, 25 కంటే తక్కువైతే అంకె ఇవ్వకుండా నక్షత్రం గుర్తు పెడతారు. ఇక్కడ లెక్కించేది వెయిట్లు వేయని అసలు సంఖ్య. మీ జిల్లాలోని 60 మంది ఆ గీతకు కొంచెం పైన ఉన్నారు కాబట్టి ఏ హెచ్చరికా లేకుండా అచ్చయింది. బ్రాకెట్లు లేకపోవడం అంకె గట్టిదనడానికి హామీ కాదు. ఇంకో సంగతి, 60 మందిలో ఒక్కరిలో కూడా ఏదైనా లక్షణం కనిపించకపోతే జిల్లాలో అది సున్నా అని రాస్తుంటారు. మూడును హారంతో భాగిస్తే వచ్చేది దాని పై హద్దు అన్న మోటు సూత్రం ఉంది. దాని ప్రకారం అసలు విలువ 5 శాతం దాకా ఉండవచ్చు.

ఇంతవరకూ చెప్పినదంతా శాంపిల్ తీయడం వల్ల వచ్చే దోషం గురించే. టీకా కార్డు లేని చోట తల్లి జ్ఞాపకం మీద ఆధారపడడం, తాళం వేసిన ఇళ్లు, పాత జనగణన జాబితాలో చేరని కొత్త కాలనీలు, వీటి ప్రభావం ఆ 12 పాయింట్లలో లేదు. శాంపిల్ పెంచినా ఇవి తగ్గవు. కార్డు చూసి నమోదు చేసినవారి వాటా రెండు విడతల్లో ఎంతో తప్పక చూడండి. అది మారితే పోలిక మరింత బలహీనపడుతుంది.

మరి తొమ్మిది పాయింట్ల తగ్గుదలను సర్వే ఖాయంగా పట్టుకోవాలంటే ఎంతమంది పిల్లలు కావాలి? అలాంటి తగ్గుదల నిజంగా ఉంటే అయిదింట నాలుగుసార్లు బయటపడాలని కోరుకుంటే, ఒక్కో విడతలో సుమారు 480 మంది కావాలి. ఇళ్లలోకి మారిస్తే అది 6,700 ఇళ్లు, ఇప్పుడున్నదానికి ఏడెనిమిది రెట్లు. దోషాన్ని సగం చేయాలంటే శాంపిల్‌ను నాలుగింతలు చేయాల్సి వస్తుంది కనుక ఈ భారం ఇంత త్వరగా పెరుగుతుంది. ప్రతి జిల్లాకూ అంత సర్వే ఎవరూ చేయరు. అందువల్ల ఇతర దేశాల సంస్థలు కూడా వేరే దారి పట్టాయి. అమెరికన్ కమ్యూనిటీ సర్వే 65,000 కంటే తక్కువ జనాభా ఉన్న ప్రాంతాలకు దాని ప్రధాన ఏడాది అంచనాలను ఇవ్వదు, ఐదేళ్ల సమాచారాన్ని కలిపి ఇస్తుంది. అలా కలిపితే దోషం తగ్గుతుంది, కానీ నిన్నటి మార్పు ఐదేళ్ల సగటులో కరిగిపోతుంది.

మీ జిల్లాకు నేను సూచించేది వేరే. మీ రెండు విడతలను కలిపి చూస్తే 120 మంది పిల్లలకు సుమారు 70 శాతం, దోష పరిధి 9 పాయింట్లు. జిల్లా స్థాయి ఏమిటన్న ప్రశ్నకు ఇది మెరుగైన జవాబు, అయితే ధోరణి గురించి ఏమీ చెప్పదు. ధోరణి కోసం ఆరోగ్య కేంద్రాలు నెలనెలా నమోదు చేసే డోసుల సంఖ్యను చూడండి. మొదటి డోసు తీసుకున్నవారిలో చివరి డోసు దాకా రానివారి నిష్పత్తి ఈ కాలంలో పెరిగిందా లేదా అన్నది ముఖ్యం. ఆ నిష్పత్తిలో లవం, హారం రెండూ ఒకే రిజిస్టరు నుంచి వస్తాయి కాబట్టి జనాభా అంచనాలోని తప్పు దానిని పెద్దగా తాకదు. అక్కడా తగ్గుదల కనిపిస్తే, ఆ వయసు పిల్లలున్న ఇళ్లను మాత్రమే ముందుగా జాబితా చేసుకుని వారి నుంచి ప్రత్యేక శాంపిల్ తీయించండి. అప్పుడు సుదీర్ఘమైన ఇంటర్వ్యూ ఆ పిల్లలున్న 480 ఇళ్లకే పరిమితమవుతుంది, మిగిలిన ఇళ్ల దగ్గర ‘ఈ వయసు బిడ్డ ఉన్నారా’ అన్న ఒక్క ప్రశ్న అడిగితే చాలు.